పిలవని పేరంటానికి వచ్చిన బ్యాండ్లు

ప్రోటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ మీదికి ఎక్కించి, యాంటీబాడీలతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్ ప్రాక్టికల్ రికార్డు ఏ కాలేజీది తెరిచినా డిస్కషన్‌లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "అదనపు బ్యాండ్లు నాన్‌స్పెసిఫిక్ బైండింగ్ వల్ల వచ్చి ఉండవచ్చు." వైవాలో ఎగ్జామినర్ ఆ వాక్యం మీద వేలు పెట్టి "ఎలా తెలిసింది?" అని అడిగితే విద్యార్థి దగ్గర జవాబు ఉండదు. అది తెలివికి సంబంధించిన లోపం కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన లేన్ జెల్‌లో లేదు, అంతే. బ్లాట్ అయిపోయాక కూర్చుని ఆలోచిస్తే వచ్చే జవాబు కాదది. జెల్ పోసే ముందే దానికి చోటు కేటాయించాలి.

ఒకే ఉదాహరణ తీసుకుని చివరిదాకా వెళ్దాం. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఫార్మసీ, బయోటెక్నాలజీ విద్యార్థులకు బాగా తెలిసిన మోడల్ అది: ఎలుకలకు పారాసిటమాల్ ఎక్కువ మోతాదులో ఇచ్చి కాలేయం దెబ్బతినడాన్ని చూడటం. సాధారణంగా రక్తంలో ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే కాలేయ ఎంజైమ్‌లు కొలిచి, కాలేయం స్లైడు చూసి ముగిస్తారు. ఎథిక్స్ కమిటీ అనుమతితో ఎలాగూ తీసిన ఆ కాలేయంలోనే హెచ్‌ఎస్‌పీ70 అనే ఒత్తిడి ప్రోటీన్ పెరిగిందా అని బ్లాట్ చేశారనుకుందాం. మందు ఇవ్వని ఎలుకలు మూడు, ఇచ్చినవి మూడు. ప్రైమరీ యాంటీబాడీ చుంచెలుకలో, అంటే మౌస్‌లో, తయారైన మోనోక్లోనల్. సెకండరీ మేకలో తయారైన యాంటీ-మౌస్ ఐజీజీ, దానికి హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్ తగిలించి ఉంటుంది. ప్రతి లేన్‌లో ప్రోటీన్ సమానంగా పడిందో లేదో చూసే లోడింగ్ కంట్రోల్‌గా జీఏపీడీహెచ్. ఈ ఎంపికలో ఎవరూ తప్పు పట్టరు, లేబొరేటరీ ఫ్రిజ్‌లో ఉన్నవి అవే కాబట్టి. అయినా తర్వాత వచ్చే చిక్కులన్నీ ఈ ఎంపికలోనే దాగి ఉన్నాయి.

బ్లాట్ బయటికొచ్చింది. 70 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ ఉంది, మందు ఇచ్చిన లేన్లలో ఎక్కువగా ఉంది. బాగుంది. కానీ 50 దగ్గర ఒకటి, 25 దగ్గర పలచగా ఒకటి, 44 దగ్గర ఒకటి, పైన 140 ప్రాంతంలో ఒక మసక గీత కూడా ఉన్నాయి. వీటిలో 50ది మందు ఇచ్చిన లేన్లలోనే బలంగా ఉంది. ఇక్కడే చాలామంది జారిపోతారు. మందుతో పాటు పెరిగింది కదా, ఏదో జీవశాస్త్ర కారణం ఉండి ఉంటుందని హెచ్‌ఎస్‌పీ70 ముక్క అనో, ఐసోఫామ్ అనో పేరు పెట్టేస్తారు.

పేరు పెట్టే ముందు ప్రతి అదనపు బ్యాండ్‌నూ ఒక ప్రశ్న అడగాలి: నువ్వు వెలగడానికి ఏమేం కావాలి? బ్లాట్‌లో వెలుగు రావాలంటే మూడు పొరలుంటాయి. అడుగున మెంబ్రేన్ మీద సాంపిల్ ప్రోటీన్, దాని మీద ప్రైమరీ, దాని మీద సెకండరీతో పాటు ఎంజైమ్. చివర్లో ఈసీఎల్ సబ్‌స్ట్రేట్ పోస్తే ఎంజైమ్ ఉన్న చోట కాంతి వస్తుంది. ప్రైమరీ వేయకపోయినా వచ్చే బ్యాండ్‌కు మన టార్గెట్‌తో సంబంధం లేదు. ఏ యాంటీబాడీ వేయకపోయినా వచ్చే బ్యాండ్‌కు యాంటీబాడీలతోనే సంబంధం లేదు. కాబట్టి పొరలు ఒక్కొక్కటిగా తీసేసి చూడటమే పరీక్ష.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. పది బావుల జెల్ ఒకటి అదనంగా పోసి, సైజులు తెలిసిన ప్రోటీన్ల మిశ్రమమైన ల్యాడర్, మామూలు కాలేయం ఒకటి, మందు కాలేయం ఒకటి, ఈ మూడు లేన్లనే మూడుసార్లు వరుసగా లోడ్ చేయాలి. ట్రాన్స్‌ఫర్ అయ్యాక మెంబ్రేన్‌ను మూడు ముక్కలుగా నిలువునా కోయాలి. కోసేముందు ప్రతి ముక్క మూలలో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, తడి మెంబ్రేన్ ముక్కలు కలిసిపోతే ఏది ఏదో దేవుడికే తెలియాలి. మొదటి ముక్కకు ప్రైమరీ, సెకండరీ రెండూ. రెండో ముక్కను ప్రైమరీ లేని బ్లాకింగ్ ద్రావణంలోనే అంతసేపు ఉంచి, సెకండరీ మాత్రమే వేయాలి. మూడో ముక్కకు సబ్‌స్ట్రేట్ ఒక్కటే. సెకండరీ మొదటి రెండింటికీ ఒకే పలుచన, ఉదాహరణకు 1:5000, గంటసేపు. కడగడం మూడు ముక్కలకూ ఒకేలా. చివర్లో మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒకే ఎక్స్‌పోజర్‌లో ఫొటో తీయాలి. సెకండరీ ముక్కను విడిగా తక్కువసేపు తీసి "ఏమీ రాలేదు" అని రాస్తే ఆ కంట్రోల్ చేయనట్టే లెక్క.

మన ఉదాహరణలో రెండో ముక్క మీద 50, 25 బ్యాండ్లు అలాగే నిలిచి ఉంటాయి, 70, 44 మాయమవుతాయి. ఇప్పుడు మాట్లాడటానికి ఆధారం దొరికింది. ఐజీజీ అణువులో బరువైన గొలుసు దాదాపు 50 కిలోడాల్టన్లు, తేలికది దాదాపు 25. మెర్కాప్టోఇథనాల్ వేసి మరిగిస్తే ఈ గొలుసులు విడిపోతాయి. చుంచెలుక ఐజీజీకీ ఎలుక ఐజీజీకీ పోలిక ఎక్కువ కావడంతో యాంటీ-మౌస్ సెకండరీ ఎలుక ఐజీజీని కూడా పట్టుకుంటుంది. ఆ ఐజీజీ ఎక్కడిది? కాలేయంలో మిగిలిన రక్తానిది. కాలేయం రక్తంతో నిండిన అవయవం. సెలైన్‌తో కడిగి తీయకపోతే హోమోజినేట్‌లోకి రక్తం కూడా వస్తుంది.

ఇక 50ది మందు ఇచ్చిన లేన్లలోనే ఎందుకు పెరిగింది? పారాసిటమాల్ దెబ్బ తగిలే చోటు లోబ్యూల్ మధ్యలోని సిర చుట్టూ ఉంటుంది. అక్కడ కణాలు చచ్చి, రక్తం నిలిచిపోతుంది. దెబ్బతిన్న కాలేయంలో రక్తం ఎక్కువ, రక్తంతో పాటు ఐజీజీ ఎక్కువ. అంటే బ్యాండ్ మందుతో పెరగడం నిజమే, దాని వెనక జీవశాస్త్ర కారణం ఉండటమూ నిజమే. కానీ ఆ కారణానికీ హెచ్‌ఎస్‌పీ70కీ సంబంధం లేదు. గ్రూపుల మధ్య తేడా చూపిస్తోంది కాబట్టి నిజమైన టార్గెట్ అనుకోవడం ఎంత ప్రమాదమో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

సరిదిద్దే దారులు మూడు. ఎలుకను కోసినప్పుడే పోర్టల్ సిర ద్వారా చల్లటి సెలైన్ ఎక్కించి, కాలేయం పాలిపోయేదాకా రక్తం కడిగేయడం మొదటిది, అన్నిటికంటే మంచిది. ఎలుక సీరమ్ ప్రోటీన్లను పట్టే యాంటీబాడీలను ముందే తీసేసిన క్రాస్-అడ్సార్బ్డ్ సెకండరీ కొనడం రెండోది. కుందేలులో తయారైన ప్రైమరీకి మారి, యాంటీ-రాబిట్ సెకండరీ వాడటం మూడోది. బ్లాకింగ్ పాలపొడిని 5 నుంచి 10 శాతానికి పెంచడం చాలామంది మొదట చేసే పని. ఈ సమస్యకు అది మందు కాదు. సెకండరీ అతుక్కున్నది ఖాళీ మెంబ్రేన్‌కు కాదు, తాను పట్టుకోవడానికే తయారైన ప్రోటీన్‌ను పోలిన దానికి. అన్నట్టు పాలపొడి అంటే వెన్న తీసిన పాలపొడి. టీలోకి అమ్మే డెయిరీ వైట్నర్‌లో సాధారణంగా పంచదార కలిసి ఉంటుంది, 5 గ్రాములు తూచినా పాల ప్రోటీన్ ఆ లెక్కన రాదు.

సబ్‌స్ట్రేట్ ఒక్కటే పోసిన మూడో ముక్క చాలావరకు ఖాళీగా ఉంటుంది. అయినా కాలేయం విషయంలో దాన్ని వదలకూడదు. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి తన హీమ్‌ను గట్టి రసాయన బంధంతో పట్టుకుని ఉంటుంది, మరిగించినా అది ఊడదు. ఆ హీమ్ హెచ్‌ఆర్‌పీలాగా కొద్దిగా పనిచేసి 12 కిలోడాల్టన్ల దగ్గర సొంతంగా వెలుగు ఇవ్వగలదు. 10 శాతం జెల్‌లో అది రంగు గీతతో పాటే దిగిపోతుంది కాబట్టి మనకు ఇబ్బంది తక్కువ. 15 శాతం జెల్‌లో చిన్న ప్రోటీన్ కోసం వెతికేవాళ్లు మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు 44 సంగతి. ఇది ప్రైమరీ లేకపోతే పోయింది, కాబట్టి ప్రైమరీ దేన్నో పట్టుకుంటోంది. రెండు అవకాశాలున్నాయి: హెచ్‌ఎస్‌పీ70 తెగిన ముక్క, లేదా ప్రైమరీ పొరపాటున పట్టే వేరే ప్రోటీన్. హెచ్‌ఎస్‌పీ70లో ఏటీపీని పట్టే ముందు భాగం ఒక గట్టి ఉండలా ముడుచుకుని ఉంటుంది, ప్రోటీన్లను తెంచే ఎంజైమ్‌లు, అంటే ప్రోటియేజ్‌లు, నరికినప్పుడు దాదాపు 44 కిలోడాల్టన్ల ముక్కగా మిగలగలదు. సైజు సరిపోయింది కదా అని అక్కడే ఆగితే మళ్లీ మొదటి తప్పే. మన యాంటీబాడీ పట్టే చోటు ఆ ముందు భాగంలోనే ఉందో లేదో డేటాషీట్‌లో చూడాలి. తోక భాగాన్ని పట్టే యాంటీబాడీ అయితే ఆ ముక్కను చూడనే లేదు, ఆ వివరణ అక్కడికక్కడే కొట్టుకుపోతుంది.

చోటు సరిపోతే తెగుదలను పరీక్షించడం తేలిక. కాలేయం 100 మిల్లీగ్రాములను 1 మిల్లీలీటర్ చల్లటి రిపా బఫర్‌లో నలిపి, ఆ హోమోజినేట్‌ను భాగాలు చేయండి. ఒకటి వెంటనే శాంపిల్ బఫర్‌లో మరిగించాలి. మిగతావాటిని ప్రోటియేజ్‌లను ఆపే ఇన్హిబిటర్లతో, ఇన్హిబిటర్లు లేకుండా బల్ల మీద 30, 60 నిమిషాలు వదిలేసి ఆ తర్వాత మరిగించాలి. తెగిన ముక్కే అయితే సమయం గడిచేకొద్దీ 70 తగ్గుతూ 44 పెరుగుతుంది, ఇన్హిబిటర్లు ఉన్న ట్యూబులో ఆ మార్పు నెమ్మదిస్తుంది. వేరే ప్రోటీన్ అయితే 70తో దానికి ఈ అప్పు-జమ సంబంధం కనబడదు.

మన ఊళ్లలో ఈ పరీక్షకు ఇంకో కారణం కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో "గది ఉష్ణోగ్రత" అంటే 35 డిగ్రీలు దాటిపోతుంది. పుస్తకంలో గది ఉష్ణోగ్రత అని రాసినవాళ్లు 20-25 డిగ్రీల్ని ఊహించుకుని రాశారు. పీఎంఎస్‌ఎఫ్ అనే ఇన్హిబిటర్ నీళ్లలో నిలవదు: 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7.5లో దాదాపు 55 నిమిషాలకే సగం అయిపోతుంది, పీహెచ్ 8లో ఇంకా తొందరగా. ఉదయం బఫర్‌లో కలిపి మధ్యాహ్నం వాడితే దాని పేరు మాత్రమే బఫర్‌లో ఉంటుంది. ఐసోప్రొపనాల్‌లో 100 మిల్లీమోలార్ స్టాక్ పెట్టుకుని, కణజాలం నలిపే నిమిషంలో మిల్లీలీటర్‌కు 10 మైక్రోలీటర్లు కలిపితే 1 మిల్లీమోలార్ వస్తుంది.

పైన 140 దగ్గరి మసక గీత గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. సెకండరీ ముక్క మీద కూడా ఉంటే అది గొలుసులు విడిపోని ఐజీజీ, దాని బరువు దాదాపు 150. లేకపోతే హెచ్‌ఎస్‌పీ70 రెండేసి అతుక్కుని ఉండవచ్చు. రెండిట్లోనూ అనుమానం ఆ అతుకులను విడదీయాల్సిన రిడ్యూసింగ్ ఏజెంట్ మీదే. పాత మెర్కాప్టోఇథనాల్ పక్కన పెట్టి, తాజా డీటీటీ 100 మిల్లీమోలార్‌తో అదే సాంపిల్‌ను మళ్లీ 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచి నడిపితే తేలిపోతుంది.

అదనపు బ్యాండ్ల హడావిడిలో అసలు బ్యాండ్‌ను అడగడం మర్చిపోకూడదు. 70 దగ్గర ఉన్నది నిజంగా హెచ్‌ఎస్‌పీ70యేనా? ఒత్తిడిలో పెరిగే రూపానికి అన్నలాంటి ప్రోటీన్ హెచ్‌ఎస్‌సీ70, ఎప్పుడూ కణంలో ఉండేది, సైజులో ఒకట్రెండు కిలోడాల్టన్లే తేడా. మామూలు కాలేయంలో ఒత్తిడి రూపం చాలా తక్కువగా ఉండాలి. మందు ఇవ్వని లేన్లలోనే బ్యాండ్ దట్టంగా వచ్చిందంటే యాంటీబాడీ రెండిటినీ కలిపి చూస్తోందని అనుమానించాలి. అప్పుడు పెరుగుదల ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. శుద్ధి చేసిన హెచ్‌ఎస్‌పీ70 ఒక లేన్‌లో, హెచ్‌ఎస్‌సీ70 ఒక లేన్‌లో, ఒక్కొక్కటి 20 నానోగ్రాములు వేస్తే యాంటీబాడీ గుణం బయటపడుతుంది. దొరక్కపోతే డేటాషీట్‌లో ఏ రూపాన్ని పడుతుందని ఉందో చూసి, రికార్డులో "హెచ్‌ఎస్‌పీ70/హెచ్‌ఎస్‌సీ70" అని రాయడం నిజాయితీ. ఇంకొకటి: ఈ బ్యాండ్‌కు కాస్త కిందనే, 66 దగ్గర, రక్తంలోని అల్బుమిన్ కుప్పగా కూర్చుంటుంది. యాంటీబాడీకి అది కనబడకపోయినా దాని రద్దీకి 70 బ్యాండ్ మధ్యలో వంగి, మీసంలా వస్తుంది. మెంబ్రేన్ మీది ప్రోటీన్లన్నిటికీ పట్టే పాన్సో రంగు వేసినప్పుడే ఆ రద్దీ కంటికి కనబడుతుంది.

ఇక లోడింగ్ నార్మలైజేషన్, అంటే లేన్లలో పడిన ప్రోటీన్ తేడాను లెక్కలో సరిచేయడం. ఇక్కడ కాస్త నిదానంగా నడుద్దాం, ఒకే బ్లాట్ మూడు వేరువేరు జవాబులు ఎలా ఇస్తుందో అంకెల్లో చూద్దాం. అంకెలు లెక్క సులువుగా నడవడానికి వేసుకున్నవే.

పదిహేను బావుల జెల్ తీసుకుందాం. సాంపిల్స్ అన్నిటినీ శాంపిల్ బఫర్‌తో మైక్రోలీటర్‌కు 2 మైక్రోగ్రాములకు తెచ్చి, లేన్‌కు 10 మైక్రోలీటర్లు, అంటే 20 మైక్రోగ్రాములు వేశాం. ఆరు సాంపిల్స్ నుంచీ సమానంగా తీసి కలిపిన మిశ్రమం ఒకటి తయారుచేసి, దాన్ని 5, 10, 20, 30 మైక్రోగ్రాముల చొప్పున నాలుగు లేన్లలో వేశాం. తక్కువ వేసే లేన్లలో మిగతా పరిమాణాన్ని ప్రోటీన్ లేని శాంపిల్ బఫర్‌తో నింపితే లేన్ల వెడల్పు ఒకేలా ఉంటుంది. ఈ నాలుగు లేన్లే చాలా ప్రాక్టికల్స్‌లో ఉండవు. అవి లేకపోతే కింది లెక్క ఏదీ నడవదు.

ట్రాన్స్‌ఫర్ అయ్యాక, బ్లాకింగ్‌కు ముందు, మెంబ్రేన్‌ను పాన్సో ఎస్‌లో 5 నిమిషాలు ముంచి, నీళ్లతో కడిగి స్కాన్ చేశాం. లేన్ మొత్తానికి ఒకే పొడవు పెట్టె గీసి, ఖాళీ లేన్ విలువ తీసేసి, ప్రతి లేన్‌లో ఉన్న మొత్తం ప్రోటీన్‌ను కొలిచాం. తర్వాత హెచ్‌ఎస్‌పీ70, జీఏపీడీహెచ్ బ్యాండ్లను కొలిచాం. బ్యాండ్లు కొలిచే సాఫ్ట్‌వేర్ ఇమేజ్‌జేలో దారి ఇది:

```
Analyze > Gels > Select First Lane   (Ctrl+1)
Analyze > Gels > Select Next Lane    (Ctrl+2)
Analyze > Gels > Plot Lanes          (Ctrl+3)
```

మామూలు ఎలుకల సగటును 100గా పెట్టుకుంటే, మందు ఎలుకల సగటు హెచ్‌ఎస్‌పీ70లో 240 వచ్చింది, పాన్సోలో 120, జీఏపీడీహెచ్‌లో 80.

ఏ సవరణా లేకుండా చెబితే హెచ్‌ఎస్‌పీ70 2.4 రెట్లు. మొత్తం ప్రోటీన్‌తో భాగిస్తే, 240ని 120తో, 2.0 రెట్లు. జీఏపీడీహెచ్‌తో భాగిస్తే, 240ని 80తో, 3.0 రెట్లు. మూడో అంకె పెద్దది, అందంగా ఉంటుంది, అలవాటైన పద్ధతి కూడా అదే. రికార్డులోకి ఎక్కేది అదే.

ఇప్పుడు మిశ్రమం లేన్లను చూడండి. 5, 10, 20, 30 మైక్రోగ్రాములకు హెచ్‌ఎస్‌పీ70 విలువలు 43, 85, 170, 252. ప్రోటీన్ రెట్టింపైతే సిగ్నల్ కూడా రెట్టింపవుతోంది. పాన్సో 28, 55, 110, 164, అది కూడా నేరుగా నడుస్తోంది. జీఏపీడీహెచ్ మాత్రం 46, 80, 94, 100. పది నుంచి ముప్పైకి ప్రోటీన్ మూడింతలైనా సిగ్నల్ 80 నుంచి 100కే కదిలింది. అంటే ఆ బ్యాండ్ నిండిపోయింది. జీఏపీడీహెచ్ కణంలో విపరీతంగా ఉండే ప్రోటీన్. 20 మైక్రోగ్రాముల లేన్‌లో అది కెమెరా హద్దునో, సబ్‌స్ట్రేట్ సరఫరానో దాటిపోతుంది. బ్యాండ్ మధ్యలో తెల్లటి మచ్చ వచ్చిందంటే అక్కడ సబ్‌స్ట్రేట్ అయిపోయిందని అర్థం.

ఈ వంపు గీతను పట్టుకుని వెనక్కి చదివితే అసలు సంగతి తెలుస్తుంది. మామూలు ఎలుకల విలువ 100 మిశ్రమంలో 30 మైక్రోగ్రాములకు సమానం. మందు ఎలుకల విలువ 80 మిశ్రమంలో 10 మైక్రోగ్రాములకు సమానం. చూడటానికి అయిదో వంతు తగ్గినట్టున్న జీఏపీడీహెచ్ నిజానికి మూడో వంతుకు పడిపోయింది. నిండిపోయిన బ్యాండ్ తేడాలను మింగేస్తుంది. "లోడింగ్ కంట్రోల్ సమానంగా ఉంది కదా" అని ధైర్యం చెప్పే దట్టమైన నల్లటి వరుస చాలాసార్లు ఇలాంటిదే. ఈ సరైన విలువతో భాగిస్తే హెచ్‌ఎస్‌పీ70 7.2 రెట్లు! ఒకే మెంబ్రేన్ నుంచి 2.0, 3.0, 7.2.

వీటిలో ఏది నమ్మాలి? అది అంకెలు చెప్పవు, కాలేయం చెబుతుంది. జీఏపీడీహెచ్ కణద్రవంలో కరిగి ఉండే ఎంజైమ్. కణం పొర చిరిగితే ఏఎల్‌టీ రక్తంలోకి ఎలా కారిపోతుందో అదీ అలాగే కారిపోతుంది. ఆ ఎలుకల్లో ఏఎల్‌టీ పెరిగిందని మనమే రికార్డులో ముందు పేజీలో రాసుకున్నాం. కణాలు చచ్చే ప్రయోగంలో, చచ్చే కణాల్లోంచి కారిపోయే ప్రోటీన్‌ను కొలబద్దగా పెట్టడం కుదరదు. బ్యాండ్‌ను పలచన చేసి నిండిపోకుండా చూసుకున్నా ఈ లోపం పోదు, 7.2 అనే అంకె పుట్టింది అందువల్లే. జీఏపీడీహెచ్ చెడ్డ కంట్రోల్ అని కాదు. ఈ ప్రశ్నకు పనికిరాదు. కారకపోయే వేరే ప్రోటీన్‌కు మారినా, మందుతో అది మారలేదని ముందు మనమే చూపించాలి.

అందుకే ఇక్కడ మొత్తం ప్రోటీన్ మీద ఆధారపడటం మేలు. ఏ ఒక్క ప్రోటీనో మారినా వందల ప్రోటీన్ల మొత్తం పెద్దగా కదలదు. మందు లేన్లలో 120 రావడం కూడా ఉపయోగపడే సమాచారమే: ప్రోటీన్ పరిమాణం కొలిచే బీసీఏ పరీక్ష ప్రకారం సమానంగా వేశామనుకున్నది సమానంగా పడలేదు. ఒక గ్రూపు సాంపిల్స్‌ను ఒకరోజు, ఇంకో గ్రూపును మరోరోజు వేరే స్టాండర్డ్ గీతతో కొలిచినప్పుడు ఇలాంటి తేడా రావడం మామూలే. ఆరిటినీ ఒకే ప్లేటులో, రెండేసి పలుచనలతో కొలవాలి. ఇరవై శాతం తేడాను భాగహారం సరిదిద్దుతుంది. రెండింతల తేడా ఉంటే భాగించి దాచకండి, మళ్లీ లోడ్ చేయండి.

అయితే మొత్తం ప్రోటీన్‌కూ ఈ కాలేయంలో ఒక హద్దు ఉంది. మందు సాంపిల్స్‌లో రక్తం ఎక్కువని 50 బ్యాండ్ అప్పుడే చెప్పింది. ఆ రక్తంలోని అల్బుమిన్, హీమోగ్లోబిన్ పాన్సో లెక్కలో చేరి కాలేయ ప్రోటీన్ వాటాను తగ్గిస్తాయి. కాబట్టి 2.0 అనేది "హోమోజినేట్‌లోని మొత్తం ప్రోటీన్‌కు" రెండు రెట్లు, బతికి ఉన్న కాలేయ కణానికి రెండు రెట్లు కాదు. హెచ్‌ఎస్‌పీ70 కూడా కణద్రవంలోదే, చచ్చిన కణాల నుంచి అదీ కొంత కారి ఉంటుంది. రక్తం కడిగి తీసిన కాలేయంతో ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది. ఒక పని రెండు సమస్యలకు జవాబు అవుతుందంటే దాన్ని ముందు చేయాలి.

పాన్సోతో పనిచేసేటప్పుడు ఒక జాగ్రత్త. రంగు వేసి స్కాన్ చేసేలోపు మెంబ్రేన్ ఆరిపోతే లేన్ల మధ్య మచ్చలు వస్తాయి, ఫ్యాన్ కింద పెట్టకండి. ట్రాన్స్‌ఫర్ మధ్యలో కరెంటు పోయి మళ్లీ వచ్చినా పాన్సోలోనే తెలుస్తుంది: జెల్ లోపల ప్రోటీన్ పక్కలకు పాకి బ్యాండ్లు మసకబారతాయి, పెద్ద ప్రోటీన్లు పలచబడతాయి. అలాంటి మెంబ్రేన్ మీద యాంటీబాడీ ఖర్చు చేయడం దండగ.

మూడు ఎలుకలు అంటే మూడు విలువలు. ఒకే ఎలుక సాంపిల్‌ను మూడు లేన్లలో వేసి మూడు అని రాయకూడదు, అది పిపెట్ ఎంత నిలకడగా ఉందో చెబుతుందంతే. నార్మలైజ్ చేసిన ఆరు విలువలనూ చుక్కలుగా గ్రాఫ్‌లో పెడితే చాలు, మూడేసి ఎలుకలతో చేసిన పనికి గణాంక ప్రాముఖ్యాన్ని చూపే స్టార్ గుర్తులు బరువెక్కువ.

రికార్డులో బొమ్మ అంటించేటప్పుడు 70 బ్యాండ్ ఉన్న పట్టీని కత్తిరించి పెట్టడం ఆచారం. పూర్తి బ్లాట్ పెట్టండి, ల్యాడర్ గీతలతో సహా, పక్కనే సెకండరీ ముక్క, కింద పాన్సో. ఫొటోను 16-బిట్ టిఫ్‌గా దాచుకుని దాని మీదే కొలవాలి. ఫోన్‌తో స్క్రీన్‌ను తీసిన ఫొటోలో కొలిచిన డెన్సిటీకి అర్థం లేదు. బ్యాండ్ సైజులు కూడా "50.0" అని రాయకండి. రంగు కలిపిన ల్యాడర్ ప్రోటీన్లు ఆ రంగు వల్లనే కాస్త పక్కకు నడుస్తాయి, ఈ పద్ధతిలో "దాదాపు 50" అంతకంటే సరైన మాట.

ఫలితాల భాగంలో రాయాల్సింది ఇలా ఉంటే ఎగ్జామినర్ వేలు పెట్టడానికి చోటుండదు:

"హెచ్‌ఎస్‌పీ70 ఉండాల్సిన దాదాపు 70 కిలోడాల్టన్ల బ్యాండ్, మొత్తం ప్రోటీన్‌తో నార్మలైజ్ చేసినప్పుడు, పారాసిటమాల్ గ్రూపులో 2.0 రెట్లు ఉంది (ప్రతి గ్రూపులో 3 ఎలుకలు). 5 నుంచి 30 మైక్రోగ్రాముల మధ్య ఈ బ్యాండ్ సిగ్నల్ ప్రోటీన్‌కు అనుపాతంలో ఉంది. జీఏపీడీహెచ్ 10 మైక్రోగ్రాములు దాటాక సంతృప్తమైంది, మందు గ్రూపులో తగ్గింది కూడా, అందువల్ల దాన్ని నార్మలైజేషన్‌కు వాడలేదు. దాదాపు 50, 25 కిలోడాల్టన్ల బ్యాండ్లు ప్రైమరీ లేని ముక్క మీద కూడా వచ్చాయి, కాబట్టి అవి సెకండరీ వల్ల వచ్చినవి. సైజునుబట్టి, కాలేయం నుంచి రక్తం కడగనందునా, అవి ఎలుక ఐజీజీ గొలుసులని భావిస్తున్నాం. దాదాపు 44 బ్యాండ్ ప్రైమరీ మీద ఆధారపడి వచ్చింది, దాన్ని గుర్తించలేదు."

చివరి మూడు వాక్యాల్లో తేడా గమనించండి. సెకండరీ వల్ల వచ్చిందన్నది చూసిన విషయం, ఐజీజీ అన్నది దాని మీద కట్టిన ఊహ, రెండూ విడివిడిగా ఉన్నాయి. 44 గురించి సమయం పరీక్ష చేయలేదు కాబట్టి ఊహ కూడా రాయలేదు. ఆ పరీక్ష చేసి 70 తగ్గుతూ 44 పెరగడం చూసినా, రాయగలిగింది "తెగుదల ఉత్పత్తి అనడానికి అనుకూలంగా ఉంది" అని మాత్రమే. హెచ్‌ఎస్‌పీ70 ముక్కే అని తేల్చాలంటే ఆ జీన్‌ను అణచిన కణాల్లో 70, 44 రెండూ కలిసి తగ్గాలి, లేదా ఆ బ్యాండ్‌ను జెల్ నుంచి కోసి మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపాలి.